సర్వేలో కొందరు తక్కువ పడితే: విజయవాడ ఉదాహరణతో వెయిట్లు కట్టే పద్ధతి

సిటీ బస్సుల వాడకం మీద ఒక గూగుల్ ఫారం తయారుచేసి, విజయవాడలోని కాలనీల, అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోకి వదిలారనుకోండి. అసలు ప్రశ్న ఒక్కటే: "గత వారంలో కనీసం మూడు రోజులు సిటీ బస్సు ఎక్కారా?" 400 జవాబులు వచ్చాయి. అందులో 160 మంది అవునన్నారు, అంటే 40 శాతం. లెక్క తేలిపోయిందనిపిస్తుంది. కానీ జవాబిచ్చింది ఎవరో చూస్తే 180 మంది 40 ఏళ్లలోపు మగవాళ్లే. 40 నిండిన ఆడవాళ్లు 40 మందే ఉన్నారు. ఊళ్లో ఈ రెండు వర్గాలూ ఇంచుమించు సమానంగా ఉంటాయి కాబట్టి, ఆ 40 శాతం ఊరి మాట కాదు, ఫోను చేతిలో ఉన్న కుర్రాళ్ల వైపు మొగ్గిన మాట.

దీన్ని సరిచేయడానికి ప్రతి జవాబుకూ ఒక వెయిట్ ఇస్తారు. ఎక్కువగా వచ్చినవాళ్ల జవాబును ఒకటి కంటే తక్కువగా, తక్కువగా వచ్చినవాళ్ల జవాబును ఒకటి కంటే ఎక్కువగా లెక్కిస్తారు. గుణకార భాగహారాలు వస్తే చాలు, లెక్క చేసేయొచ్చు. కష్టమంతా ఏ వర్గాలు తీసుకోవాలి, ఎక్కడ ఆగాలి అన్నదాంట్లో ఉంది. కింద ఇచ్చిన జవాబుల సంఖ్యలు, జనాభా వాటాలు పద్ధతి చూపించడానికి అనుకున్నవి. మీ సర్వేకి మీ అంకెలు పెట్టుకోవాలి.

## ముందు ఎవరి తరఫున చెబుతున్నారో తేల్చుకోండి

"విజయవాడ ప్రజలు" అంటే సరిపోదు. నగరపాలక సంస్థ హద్దుల్లో ఉండేవాళ్లా, తాడేపల్లి, కానూరు, గొల్లపూడి నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లు కూడానా? పిల్లలు లెక్కలోకి వస్తారా? ఈ ఉదాహరణలో నగరపాలక సంస్థ హద్దుల్లో నివసించే 18 ఏళ్లు నిండినవాళ్లనే తీసుకుంటున్నాం. ఇలా తేల్చుకున్నాక ఫారంలో నివాసం ఎక్కడో అడిగి, హద్దు బయటివాళ్ల జవాబులు వెయిట్లు కట్టకముందే తీసేయాలి. కట్టాక తీస్తే మొత్తాలన్నీ చెదిరిపోతాయి, మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే.

## ఏ వర్గాలు తీసుకోవాలి

ఒక లక్షణాన్ని వెయిటింగ్‌లోకి తీసుకోవాలంటే రెండు పరీక్షలు నెగ్గాలి. ఆ లక్షణాన్ని బట్టి జవాబిచ్చే అవకాశం మారాలి. దాన్ని బట్టి జవాబు కూడా మారాలి. రెండోది లేకపోతే ఆ వెయిట్ వల్ల ఫలితం కదలదు, అస్థిరత మాత్రం పెరుగుతుంది. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు శాంపిల్‌లో ఎక్కువమంది ఉన్నా బస్సు వాడకంతో దానికి పనిలేదు, కాబట్టి వదిలేయొచ్చు.

మన ప్రశ్నకి ఆడా మగా తేడా రెండు పరీక్షలూ నెగ్గుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో ఇంటి తరఫున ఉండేది ఎక్కువగా మగవాళ్లే. పైగా 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంతో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేదు కాబట్టి వాళ్ల జవాబు మగవాళ్ల జవాబుకి భిన్నంగా ఉంటుందని ముందే ఊహించవచ్చు. వయసూ అంతే: కుర్రాళ్లు బండి మీద తిరుగుతారు, ఫారం కూడా చకచకా నింపేస్తారు. అందుకని ఆడ, మగ. 18–39, 40 పైన. మొత్తం నాలుగు వర్గాలు. మొదటిసారి చేసేవాళ్లకి ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

ఇంకో షరతు ఉంది. ఆ లక్షణం మీ ఫారంలోనూ, జనాభా లెక్కలోనూ ఒకే నిర్వచనంతో ఉండాలి. ఫారంలో "18–35" అని అడిగి, జనగణన పట్టికలో 35–39 అనే గడి చూస్తే రెండూ అతకవు. ఫారంలో వయసు గుంపులు ఇవ్వకుండా నిండిన ఏళ్లు అంకెలో రాయించుకుంటే ఈ గొడవే ఉండదు, తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడ కోసుకోవచ్చు.

## జనాభా వాటాలు ఎక్కడి నుంచి

పూర్తయిన చివరి జనగణన 2011ది. దాని వయసు పట్టికల్లో రెండు చిక్కులున్నాయి. ఐదేళ్ల గుంపుల పట్టికలో 15–19 ఒకే గడి, అందులోంచి 18, 19 ఏళ్లవాళ్లను విడదీయలేం. 18 దగ్గర కోయాలంటే ఒక్కో ఏడాది వయసు విడిగా ఇచ్చిన పట్టిక కావాలి. రెండోది, వయసు అడిగితే మనవాళ్లు చాలామంది "నలభై", "నలభై అయిదు" అని గుండు అంకె చెబుతారు. దానివల్ల 38, 39 ఏళ్లవాళ్లు కొందరు 40 పైన పడిపోతారు. మన నాలుగు వర్గాలకి ఇది చిన్న లోపమే, కానీ ఇంకా సన్నగా కోసినకొద్దీ పెద్దదవుతుంది.

2011 వాటాలు ఇప్పటికి పాతబడ్డాయి. అప్పటికంటే ఇప్పుడు పెద్ద వయసువాళ్ల వాటా ఎక్కువే ఉంటుంది. తర్వాతి జనగణనకు లెక్క తేదీ 2027 మార్చి 1. ఆ పట్టికలు వచ్చేదాకా ఓటర్ల జాబితాతో పోల్చుకోవచ్చు. అది 18 నిండినవాళ్లదే కాబట్టి మన హద్దుకి దగ్గరగా ఉంటుంది. అయితే అందులో చనిపోయినవాళ్ల పేర్లు, ఊరు వదిలినవాళ్ల పేర్లు మిగిలిపోవడం, అద్దెకొచ్చినవాళ్ల పేర్లు సొంతూరి జాబితాలోనే ఉండిపోవడం మామూలే. ఏది వాడినా ఫలితం పక్కన దాని పేరు, ఏడాది రాయండి. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, మొత్తం జనాభాలోని ఆడ, మగ వాటాలను తెచ్చి పెద్దవాళ్ల సర్వేకి తగిలించడం. పిల్లలను తీసేశాకే వాటా కట్టాలి.

## వెయిట్ కట్టడం

ఒక వర్గం వెయిట్ అంటే జనాభాలో ఆ వర్గం వాటాని శాంపిల్‌లో దాని వాటాతో భాగించగా వచ్చేది. అంతే.

| వర్గం | జవాబులు | శాంపిల్ వాటా | జనాభా వాటా | వెయిట్ | అవునన్నవారు |
|---|---|---|---|---|---|
| మగ, 18–39 | 180 | 45% | 26% | 0.578 | 54 (30%) |
| మగ, 40 పైన | 80 | 20% | 23% | 1.150 | 32 (40%) |
| ఆడ, 18–39 | 100 | 25% | 27% | 1.080 | 50 (50%) |
| ఆడ, 40 పైన | 40 | 10% | 24% | 2.400 | 24 (60%) |

మొదటి వరుస చూడండి: 26ని 45తో భాగిస్తే 0.578. అంటే ఒక్కో కుర్రాడి జవాబు సగానికి కాస్త ఎక్కువ మనిషిగా లెక్కకొస్తుంది. చివరి వరుసలో ఒక్కో ఆవిడ జవాబు 2.4 మందికి సమానం.

ఇప్పుడు అవునన్నవాళ్లను వాళ్ల వెయిట్‌తో గుణించండి. 54 × 0.578 = 31.2, 32 × 1.15 = 36.8, 50 × 1.08 = 54, 24 × 2.4 = 57.6. మొత్తం 179.6. దీన్ని వెయిట్ల మొత్తంతో, అంటే 400తో భాగిస్తే 44.9 శాతం. వెయిట్ లేని 40 శాతం దాదాపు 5 పాయింట్లు పెరిగింది. ఎందుకు పెరిగిందో పట్టికలోనే కనిపిస్తోంది: బస్సు ఎక్కువ వాడే వర్గమే శాంపిల్‌లో అన్నిటికంటే తక్కువ పడింది.

ఇక్కడ వెంటనే చేయాల్సిన తనిఖీ ఒకటుంది. 400 వెయిట్లూ కూడితే 400 రావాలి. (180 × 0.578, 80 × 1.15, 100 × 1.08, 40 × 2.4 అంటే 104, 92, 108, 96.) రాలేదంటే వర్గం రాయనివాళ్లు ఎవరో షీట్‌లో మిగిలారు, లేదా జనాభా వాటాలు కూడితే 100 రావడం లేదు.

షీట్‌లో చేసేటప్పుడు C కాలమ్‌లో వర్గం పేరు, D లో వెయిట్, E లో జవాబు (అవునుకి 1, కాదుకి 0) పెట్టుకోండి. వర్గాల పేర్లు, వాటి వెయిట్లు H2 నుంచి I5 దాకా ఉంటే:

```
D2:  =VLOOKUP(C2,$H$2:$I$5,2,FALSE)
శాతం: =SUMPRODUCT(D2:D401,E2:E401)/SUMIF(E2:E401,"<>",D2:D401)
```

భాగించేచోట SUM బదులు SUMIF ఎందుకంటే, కొందరు ఆ ప్రశ్నకి జవాబివ్వకుండా వదిలేస్తారు. ఖాళీ గడిని SUMPRODUCT సున్నాగా తీసుకుంటుంది. భాగించే మొత్తంలో వాళ్ల వెయిట్ కూడా కలిస్తే, జవాబివ్వనివాళ్లంతా "కాదు" అన్నట్టు లెక్క పడుతుంది. ఫలితం తప్పినట్టు పైకి కనిపించదు, ఊరికే కొద్దిగా తగ్గి ఉంటుంది. అందుకే ఇది పట్టుబడని తప్పు.

## దీనికి చెల్లించే మూల్యం

వెయిట్లు మొగ్గును తగ్గిస్తాయి, బదులుగా ఖచ్చితత్వాన్ని తీసుకుంటాయి. 40 మంది జవాబులను 96 మంది జవాబులుగా సాగదీసినప్పుడు, ఆ 40 మందిలోని యాదృచ్ఛిక హెచ్చుతగ్గులూ సాగుతాయి. ఎంత పోయిందో అంచనా వేయడానికి గణాంకవేత్త లెస్లీ కిష్ ఇచ్చిన సూత్రం ఉంది: వెయిట్ల మొత్తాన్ని దానితోనే గుణించి, దాన్ని ఒక్కో వెయిట్‌నూ దానితోనే గుణించి కూడితే వచ్చే మొత్తంతో భాగించాలి.

```
=SUM(D2:D401)^2/SUMSQ(D2:D401)
```

మన అంకెలకి ఇది 312 ఇస్తుంది. చేతిలో 400 జవాబులున్నా, వెయిట్లు పెట్టాక అవి 312 జవాబుల పనే చేస్తున్నాయన్నమాట. అసలు శాతం మన అంకెకు అటూ ఇటూ ఎంత దూరంలో ఉండొచ్చో చెప్పే దోష పరిధి, 95 శాతం నమ్మకానికి, వెయిట్లు లేనప్పుడు సుమారు 4.8 పాయింట్లు ఉండేది, ఇప్పుడు 5.5 అవుతుంది. సర్వే రిపోర్టుల్లో వెయిట్ పెట్టిన శాతం పక్కన వెయిట్ లేని శాంపిల్ దోష పరిధిని రాసేస్తుంటారు. అది తప్పు, అక్కడ 312తో కట్టినదే రాయాలి.

నిజానికి వాట్సాప్‌లో వదిలిన ఫారానికి దోష పరిధి అన్న మాట వాడటమే కొంచెం అతి. ఆ సూత్రం జనాభాలోంచి లాటరీ తీసినట్టు ఎంచుకున్న శాంపిల్‌కి వర్తించేది. ఇక్కడ ఎవరికి లింకు చేరితే వాళ్లు నింపారు. కాబట్టి 5.5ని కనీస పరిధిగా మాత్రమే చూడాలి.

ఇంటింటికీ వెళ్లి చేసిన సర్వే అయితే దానికి ముందు ఇంకో వెయిట్ ఉంటుంది. ఇంటికి ఒకరినే అడిగితే, ఐదుగురు పెద్దలున్న ఇంట్లో ఒక్కొక్కరికి ఐదింట ఒక వంతు అవకాశమే, ఒంటరిగా ఉన్నవాళ్లకి పూర్తి అవకాశం. ఆ ఇంట్లోని పెద్దల సంఖ్యే మొదటి వెయిట్. వర్గాల వెయిట్ దాని మీద కట్టాలి, అప్పుడు శాంపిల్ వాటాలను కూడా మనుషుల లెక్కన కాకుండా ఈ మొదటి వెయిట్ల లెక్కన తీసుకోవాలి.

## సన్నగా కోస్తే ఏమవుతుంది

అరవై దాటిన ఆడవాళ్లను విడిగా చూడాలన్న కోరిక సహజం. మన 40 మందినీ విడదీస్తే 40–59 మధ్య 36 మంది, 60 పైన నలుగురే ఉన్నారనుకోండి. జనాభాలో వాళ్ల వాటాలు 17, 7 శాతం. అప్పుడు 60 పైన ఉన్న ఒక్కొక్కరి వెయిట్ 7. ఆ నలుగురిలో ఒకరు "అవును" బదులు "కాదు" నొక్కితే మొత్తం నగరం శాతం 1.75 పాయింట్లు కదులుతుంది. వెయిట్లు లేకుండా అయితే ఒక్క జవాబు విలువ 0.25 పాయింటే. 312గా ఉన్న ఆ సంఖ్య 264కి పడిపోతుంది.

ఒక వర్గంలో 30 మంది కంటే తక్కువ ఉంటే పక్క వయసుతో కలిపేయడం మంచి అలవాటు. కలిపేటప్పుడు జవాబుల్లో దగ్గరగా ఉండే వర్గాలనే కలపాలి. అరవై దాటిన ఆడవాళ్లను నలభై దాటిన ఆడవాళ్లతో కలపొచ్చు గానీ, అరవై దాటిన మగవాళ్లతో కలిపితే టికెట్ ఉచితమైనవాళ్లూ కానివాళ్లూ ఒకే గడిలో పడతారు. కలపడం కుదరకపోతే వెయిట్‌కి ఒక పైహద్దు పెట్టి (5 దాటనివ్వకుండా ఉంచడం చాలాచోట్ల చూస్తాం), మిగతా వెయిట్లను మళ్లీ మొత్తం 400 వచ్చేలా సర్దుతారు. హద్దు పెట్టినంతమేర కొంత మొగ్గు వెనక్కి వస్తుంది, అది తెలిసే చేయాలి. ఫారంలో లింగం దగ్గర "ఇతరులు" అని ఇద్దరు ముగ్గురే రాస్తే, వాళ్లకి 1 వెయిట్ ఇచ్చి ఉంచేయండి. వాళ్లను తీసేయడం కంటే, వేరే వర్గంలోకి తోయడం కంటే అదే నయం.

## విడివిడి మొత్తాలే దొరికినప్పుడు

వయసూ లింగమూ కలిసిన పట్టిక దొరకక, ఆడవాళ్లు 51 శాతం, 40 పైన ఉన్నవాళ్లు 47 శాతం అని విడివిడిగానే తెలిసిందనుకోండి. ఇక్కడ చాలామంది లింగానికి ఒక వెయిట్, వయసుకి ఒక వెయిట్ కట్టి రెండిటినీ గుణించి ఊరుకుంటారు. అలా చేస్తే రెండు మొత్తాలూ కొంచెం కొంచెం తప్పుతాయి, ఎందుకంటే మన శాంపిల్‌లో ఆ రెండూ ముడిపడి ఉన్నాయి. దీనికి రేకింగ్ వాడతారు. 1940లో డెమింగ్, స్టెఫాన్ ప్రచురించిన పద్ధతి ఇది: ఒక మొత్తానికి సరిచేయి, తర్వాత రెండోదానికి సరిచేయి, మొదటిది చెదిరింది కాబట్టి మళ్లీ దానికి సరిచేయి, కదలిక ఆగేదాకా.

మన శాంపిల్ మీద చేసి చూద్దాం. 260 మంది మగవాళ్లు 196 కావాలి, 140 మంది ఆడవాళ్లు 204 కావాలి. అలా సరిచేస్తే నాలుగు వర్గాలూ పట్టిక వరుసలోనే 135.7, 60.3, 145.7, 58.3 అవుతాయి. ఇందులో 40 లోపువాళ్లు 281.4 ఉన్నారు, 212 ఉండాలి; పైవాళ్లు 118.6 ఉన్నారు, 188 ఉండాలి. వయసుకి సరిచేస్తే 102.2, 95.6, 109.8, 92.4. ఇప్పుడు మగవాళ్ల మొత్తం 197.8 అయింది, 196కి కాస్త ఎక్కువ. మళ్లీ లింగానికి సరిచేస్తే 101.3, 94.7, 110.8, 93.2. వయసు మొత్తం చూస్తే 212కి ఇంచుమించు అతికిపోయింది. ఇక ఆపేయొచ్చు. ఒక్కో వర్గం అంకెను అందులోని మనుషుల సంఖ్యతో భాగిస్తే వెయిట్ వస్తుంది. నలభై దాటిన ఆడవాళ్లకి 93.2ని 40తో భాగిస్తే 2.33. ఫలితం మళ్లీ 44.9 శాతమే.

ఆ అంకె కలవడం చూసి రేకింగ్ ఎప్పుడూ పూర్తి పట్టికతో సమానమనుకోకూడదు. ఈ ఉదాహరణలో జనాభాలో వయసు తీరు ఆడవాళ్లలో, మగవాళ్లలో దాదాపు ఒకటే కావడం, శాంపిల్‌లోని ముడి మరీ గట్టిది కాకపోవడం వల్ల అలా కుదిరింది. రేకింగ్ మొత్తాలను సరిచేస్తుంది గానీ, వర్గాల మధ్య ముడిని శాంపిల్‌లో ఎలా ఉంటే అలాగే ఉంచేస్తుంది. మూడు నాలుగు లక్షణాలుంటే చేత్తో చేయొద్దు. గణాంకాల సాఫ్ట్‌వేర్ R లోని survey ప్యాకేజీలో `rake` దీన్నే చేస్తుంది, నాలుగు వర్గాల పద్ధతికి `postStratify` ఉంది.

## వెయిట్ దిద్దలేనిది

ఈ లెక్కంతా ఒక్క ఊహ మీద నిలబడి ఉంది: జవాబిచ్చిన 40 మంది ఆడవాళ్లు, జవాబివ్వని అదే వయసు ఆడవాళ్లలాంటివాళ్లే అని. పటమటలో అపార్టుమెంటు గ్రూపులో ఉండి ఫారం నింపిన యాభై ఏళ్ల ఆవిడ, స్మార్ట్‌ఫోను లేని సింగ్‌నగర్ యాభై ఏళ్ల ఆవిడకి ప్రతినిధి కాగలదా? బస్సు విషయంలో కాకపోవచ్చు. ఆవిడ జవాబును 2.4తో గుణిస్తే పటమట ఆవిడలు 2.4 మంది అవుతారు తప్ప సింగ్‌నగర్ ఆవిడ రాదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. వెయిటింగ్‌లో వాడని, ఊరి వాటా బయట తెలిసిన ప్రశ్న ఒకటి ఫారంలో ఉంచండి. డిగ్రీ చదివారా, సొంత ఇల్లా అద్దె ఇల్లా లాంటివి జనగణనలో ఉంటాయి. వెయిట్లు పెట్టాక డిగ్రీవాళ్ల శాతం మీ సర్వేలో ఎంత వస్తోందో చూసి ఊరి వాటాతో పోల్చండి. దగ్గరగా ఉంటే బస్సు శాతాన్ని కొంత నమ్మొచ్చు. రెట్టింపు ఉంటే, వయసూ లింగమూ సరిచేసినా చదువువైపు మొగ్గు అలాగే ఉందని అర్థం. అప్పుడు చదువును మూడో లక్షణంగా రేకింగ్‌లోకి తేవాలి. చదువు తక్కువ ఉన్నవాళ్లు శాంపిల్‌లో అసలు లేకపోతే అదీ కుదరదు, సున్నాని దేనితో గుణించినా సున్నాయే.

అలాంటప్పుడు వెళ్లి అడగడమొక్కటే మార్గం. అయితే ఆడవాళ్లు ఎక్కువగా దొరుకుతారని పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో నిలబడి అడగొద్దు, అక్కడ దొరికేది బస్సు ఎక్కేవాళ్లే కాబట్టి జవాబు ముందే ఒకవైపు ఒరిగిపోతుంది. కృష్ణలంకలో, సింగ్‌నగర్‌లో వీధులు ఎంచుకుని, ఇన్ని ఇళ్లకి ఒకటి అని వరుస పెట్టుకుని వెళ్లాలి. తలుపు తీసినవాళ్లు ఎవరైతే వాళ్లని కాకుండా, 40 దాటిన ఆవిడ ఉన్నారా అని అడగాలి.

ఇలా 60 మందిని మాత్రమే అదనంగా తెచ్చినా ఎంత తేడా వస్తుందో చూడండి. మొత్తం 460 అవుతుంది, ఆ వర్గంలో 100 మంది ఉంటారు, వాళ్ల వెయిట్ 2.4 నుంచి 1.10కి దిగుతుంది. కిష్ సూత్రంతో వచ్చే సంఖ్య 312 నుంచి 427కి పెరుగుతుంది. అదే 60 జవాబులు మళ్లీ వాట్సాప్ లింకు తిప్పి కుర్రాళ్ల నుంచే తెచ్చుకుంటే అది 321 దగ్గరే ఆగుతుంది.